పన్ను పీకితే కళ్ళు పోతాయా

మా అత్తగారింట్లో తలనొప్పి అంటే కళ్ళు. జలుబు కాదు, ఎండ కాదు, నిద్ర లేకపోవడం కాదు. ఎవరికి తల నొచ్చినా ముందు కనురెప్ప పైకెత్తి చూస్తారు. సాంచల మీద బతికిన ఇంట్లో ఇది మూఢనమ్మకం కాదు, అనుభవం. సాంచ అంటే మరమగ్గం. పాత సాంచల్లో పడుగు దారం ఒక్కటి తెగినా యంత్రం తనంతట తాను ఆగదు, నేస్తూనే పోతుంది. తెగిన దారాన్ని మనిషి కన్ను పట్టుకోవాలి. పట్టుకోకపోతే బట్ట పొడుగునా గీత పడుతుంది. రెండు మూడుసార్లు గీత పడితే యజమాని శేఠ్ ఆ మనిషిని సాంచల నుంచి తీసి, బట్ట మడతపెట్టే గదిలో కూర్చోబెడతాడు. మా మామగారి చివరి ఏళ్ళు ఆ గదిలోనే గడిచాయి. అక్కడ ఆయన మడత ఎప్పుడూ వంకరగా పెట్టేవాడట.

కాబట్టి మా బామ్మర్దికి తలనొప్పి మొదలైనప్పుడు ఇంట్లో ఎవరూ కళ్ళు అన్న మాటను గట్టిగా అనలేదు.

అప్పుడు మేం సూరత్‌లో డిండోలి పేటలో ఉండేవాళ్ళం. పై వాటా మాది, కింద వాటా అత్తగారిది. నేను ఒక తెలుగు పత్రికకు సూరత్ వార్తలు పంపేవాణ్ణి. సూరత్‌లో తెలుగువాళ్ళకు సంబంధించిన వార్తలు ఎక్కువ ఉండవు కనుక ఇంటి విషయాలు గమనించడానికి నాకు తీరిక దొరికేది. బామ్మర్దికి ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. ఇక్కడే పుట్టి పెరిగాడు. ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, శేఠ్‌తో గుజరాతీ. ఉధ్నాలో ఒక ఖాతాలో, ఒక్కడే వరుసగా కొన్ని సాంచలు చూసుకుంటూ, నేసేవాడు. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు.

నొప్పి కుడి కణతలో ఉండేది. అక్కణ్ణుంచి చెవి ముందుకు దిగేది. పొద్దున లేవగానే ఎక్కువ. ఒక్కోసారి చెవిలోనే పోటు వచ్చేది.

"ఒక్క దిక్కే నొస్తుందా?" అని అడిగాను.

"ఒక్క దిక్కే బావా. కుడి కన్ను పోతుందేమో."

"కనబడడంలేదా?"

"కనబడుతుంది. పోయేముందు మంచిగనే కనబడుతదంట."

అతన్ని కళ్ళద్దాల దుకాణానికి తీసుకెళ్ళాను. అక్కడి మనిషి గోడ మీది అక్షరాలన్నీ చదివించాడు. చిట్టచివరి వరుసలో ఉన్నవి నాకు కనబడలేదు, మా వాడికి కనబడ్డాయి. "నంబర్ లేదు, కళ్ళు బాగున్నాయి" అన్నాడాయన. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు నమ్మలేదు.

"వాని మిషిన్ ఖరాబైందేమో అల్లుడా. ఇంకో దుకాన్ల సూపియ్యి."

ఇంకో దుకాణంలోనూ అదే మాట. దాంతో ఆమె తన పద్ధతి మొదలుపెట్టింది. నడినెత్తికి ఆముదం, రోజూ పచ్చి క్యారెట్. క్యారెట్ తినమంటే అతను ముక్కల్ని ఎడమవైపే పెట్టుకుని చాలాసేపు నమిలేవాడు. ఇష్టం లేక అలా చేస్తున్నాడనుకున్నాం.

ఆ తర్వాత మా వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. జ్వరాలు, దగ్గులు చూసే పెద్దమనిషి. గుజరాతీ ఆయన, తొందరపడడు. బీపీ చూశాడు. కంట్లో లైటు వేశాడు. ముక్కు పక్కల నొక్కి సైనస్ నొప్పి ఉందేమో చూశాడు. చెవిలోకి చూసి శుభ్రంగా ఉందన్నాడు. వాంతులు, కళ్ళు మసకలు, చేతులు కాళ్ళు తిమ్మిర్లు ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగాడు. ఏవీ లేవు.

"పళ్ళు? చిగుళ్ళు? నోట్లో ఏమైనా?"

మా బామ్మర్ది పక్కన నిలబడ్డ తల్లిని చూశాడు. "ఏం లేదు" అన్నాడు.

డాక్టరు నొప్పి మాత్రలు రాసి, తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నాడు. మాత్ర వేసుకున్నంతసేపు నొప్పి తగ్గేది, మానేస్తే వచ్చేది. మందు పని చేస్తోందని అత్తగారు సంతోషించింది. మాత్రలు అయిపోగానే చీటీ తీసుకెళ్ళి దుకాణంలో మళ్ళీ తెచ్చేది. డాక్టరు రమ్మన్న మాట ఆ చీటీలో లేదు కనుక ఎవరికీ గుర్తులేదు.

అసలు సంగతి బయటపెట్టింది డాక్టరు కాదు, ఒక తగాదా.

ఖాతాలో సాంచలు నడుస్తుంటే పక్క మనిషి అరిచినా వినబడదు. అందుకని అక్కడివాళ్ళు గొంతుతో మాట్లాడుకోరు, నోటితో మాట్లాడుకుంటారు. ఒక్కొక్క మాటకు నోరు బాగా తెరిచి, పెదాలు సాగదీసి, శబ్దం లేకుండా అంటారు. ఎదుటివాడు పెదాలు చూసి చదువుకుంటాడు. అలవాటైనవాళ్ళు ఖాతా ఈ మూల నుంచి ఆ మూలకు బూతులు కూడా తిట్టుకుంటారు, నవ్వుకుంటారు. బయటినుంచి చూస్తే చేపల తొట్టిలా ఉంటుంది.

మా వాడి పక్క సాంచల మీద జగిత్యాల వైపు మనిషి ఒకాయన ఉండేవాడు. మా వాడికంటే పదేళ్ళు పెద్ద. మా వాడు అతన్ని అన్నా అని పిలిచేవాడు. సెలవు రోజున ఆయన మా ఇంటికొచ్చి, నీళ్ళు కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

"అమ్మా, నీ కొడుక్కు బాగ పొగరైంది. నేను మాట్లాడిస్తే నోరు తెర్వడు. దారం కండె అయిపోయిందిరా అంటే పండ్లు బిగబట్టి గిట్ల చూస్తడు. నేనేమన్న వాని జాగీరు తిన్ననా?"

"మాట్లాడుతున్న గదా అన్నా" అన్నాడు బామ్మర్ది.

"అగో, సూడు! ఇంట్ల గూడ గట్లనే. పండ్లల్లకెల్లి మాట్లాడుతుండు. సినిమాల విలన్ లెక్క."

"నాతోని గూడ గంతే నాయినా," అంది అత్తగారు. "అన్నం గూడ కోపంగ తింటుండు."

నేను అతని ముఖం చూశాను. కోపం ఏమీ లేదు. దవడ కింద కుడివైపు కొంచెం ఉబ్బి ఉంది. నోరు తెరువు అన్నాను. తెరిచాడు. అంతేనా అన్నాను. అంతే అన్నాడు. పైపళ్ళకూ కింది పళ్ళకూ మధ్య నా రెండు వేళ్ళు నిలువుగా పట్టలేదు.

జగిత్యాల ఆయన దగ్గరికొచ్చి చూశాడు. కొంచెం వెనక్కి కూడా జరిగాడు. వాసన ఉంది. "అరే, నిజంగనే తెరుసుకుంటలేదు," అన్నాడు. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. అప్పుడు మాత్రం నీళ్ళడిగి తాగాడు.

మెట్ల మీదికి తీసుకెళ్ళి అడిగితే బామ్మర్ది చెప్పాడు. కుడివైపు కింద, చిట్టచివర, చిగురు చాలా రోజులుగా పచ్చిగా ఉందట. నమిలితే నొప్పి. అప్పుడప్పుడు నోట్లోకి ఏదో చేదుగా కారుతుందట.

"డాక్టరు అడిగితే లేదన్నావేంది?"

"అమ్మ ఉండె గద. తంబాకు సంగతి ఎరుకైతదని." తల్లికి తెలియకుండా తంబాకు, అంటే పొగాకు, నమిలేవాడు; దానిలో కలిపే సున్నం వల్ల చిగురు కాలిందనుకున్నాడు. తప్పు తనదే కనుక నోరు మూసుకుని భరించాలనుకున్నాడు. "గది వేరే బావా. గది నోటి సంగతి. తలకాయ సంగతి వేరే."

అతనికి అవి రెండు వేర్వేరు వార్తలు. ఒకటి మొదటి పేజీది, ఇంకోటి లోపలి పేజీది.

ఈసారి తల్లిని రానివ్వకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన మూడు వేళ్ళు నిలువుగా పెట్టి నోట్లో దూర్చమన్నాడు. దూరలేదు. దవడ కింద నొక్కితే బామ్మర్ది ఎగిరిపడ్డాడు. అక్కడ గడ్డలా తగిలింది. థర్మామీటరు పెడితే కొంచెం జ్వరం కూడా ఉంది. టార్చి వేసి చూడగలిగినంత చూసి, ఆర్పేశాడు.

"ఇది నా పని కాదు. పళ్ళ డాక్టరు పని. ఇవాళే వెళ్ళండి."

"మరి తలనొప్పి?" అన్నాను.

"అదీ అక్కడిదే అనుకుంటున్నా. ఒకవైపు కణత, చెవి నొప్పి. చెవి చూస్తే బాగుంది. నమిలితే ఎక్కువ, నోరు తెరుచుకోదు. ఇవన్నీ కలిసి ఉంటే ముందు పళ్ళు చూపించాలి. నేను మాత్రలిస్తూ పోతే నొప్పి దాక్కుంటుంది, రోగం దాక్కోదు." కొంచెం ఆగి, "వాపు మెడలోకి దిగినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా, పళ్ళ క్లినిక్కూ వద్దు నేనూ వద్దు. నేరుగా పెద్దాసుపత్రికి పోండి" అన్నాడు. ఫీజు తీసుకోలేదు. తన పని కాదన్న మాటకు తాను కట్టుబడ్డట్టున్నాడు.

ఉధ్నా స్టేషన్‌కు దగ్గర్లో పళ్ళ డాక్టరమ్మ ఒకామె ఉండేది. ముందు ఎక్స్‌రే తీయించింది. దవడంతా ఒకే ఫిల్ములో వచ్చే రకం. దాన్ని వెలుతురుకు పట్టి చూపించింది. పళ్ళన్నీ వరుసగా నిలబడి ఉంటే, కుడివైపు చివరిది మాత్రం పక్క పన్ను మీదికి వాలిపోయి ఉంది. లోకల్ రైల్లో నిద్రపోయినవాడిలా.

"అకల్ దాఢ్," అంది. జ్ఞానదంతం. రావడానికి చోటు లేక పక్కకు తిరిగి ఇరుక్కుంది. సగం బయటికొచ్చింది, మిగతా సగం మీద చిగురు మూతలా ఉంది. ఆ మూత కింద అన్నం మెతుకులు ఇరుక్కుని, కుళ్ళి, చీము పట్టింది. పై పన్ను రోజూ ఆ వాచిన మూతనే కొరుకుతోంది. ఆ వాపు వల్ల దవడ కండరాలు బిగుసుకున్నాయి, అందుకే నోరు తెరుచుకోవడం లేదు. సున్నం దీనికి కారణం కాదని, అయినా తంబాకు మానాలని రెండూ ఒకే వాక్యంలో చెప్పింది. బామ్మర్ది మొదటి సగానికే తలూపాడు.

"పన్ను నోట్లో ఉంటే నొప్పి తలలో ఎందుకు?" అని అడిగాను.

ముఖంలో ఒకవైపు ఉన్న నొప్పంతా ఒకే పెద్ద నరం మోసుకెళ్తుందట. దాని కొమ్మలు నుదుటికీ, పై దవడకూ, కింది దవడకూ పోతాయి. కింది పన్ను గోల చేస్తే, ఆ గోల ఏ కొమ్మ నుంచి వచ్చిందో మెదడు ఒక్కోసారి తప్పు చదువుతుంది. దానికితోడు బిగుసుకున్న కండరాల్లో ఒకటి కణత మీదే ఉంటుంది.

ఆ రోజు పన్ను తీయలేదు. చీము ఉన్నప్పుడు తొందరపడనంది. సన్నని సిరంజితో మూత కింద కడిగింది. అతను కుర్చీ చేతుల్ని పట్టుకున్న తీరు చూసి నేను గోడ మీది బొమ్మ వైపు తిరిగాను. జ్వరమూ దవడ బిగుపూ ఉన్నాయని యాంటీబయాటిక్ రాసింది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. నోరు తెరుచుకున్నాక వస్తే పన్ను తీసేస్తానంది. లేకపోతే ఇది మళ్ళీ వస్తుందని కూడా చెప్పింది.

కొద్ది రోజుల్లో నోరు తెరుచుకుంది. దాంతోపాటు కణత నొప్పీ పోయింది. ఇంట్లో పండగలా ఉంది, పన్ను తీస్తారన్న మాట చెప్పేవరకు.

"పన్ను పీకుతరా?" అంది అత్తగారు. "పీకితే కండ్లు పోతయి గద!"

ఇది ఆమె ఒక్కతి మాట కాదు. ఆ వీధిలో అందరికీ తెలిసిన విషయం. పళ్ళ నరాలు కళ్ళకు కట్టి ఉంటాయి, పన్ను లాగితే చూపు లాగేసినట్టే. రుజువు ఇంట్లోనే ఉంది. "మీ మామ పండ్లు పీకిచ్చుకున్నంకనే సూపు తగ్గింది. సాంచల మీదికెల్లి తీసిండ్రు. ఎరుక లేదా?"

మామగారికి పళ్ళు ఊడిందీ చూపు తగ్గిందీ ముసలితనంలోనే అని నేనన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది. పత్రికల్లో పనిచేసేవాళ్ళకు జరిగినవన్నీ జరిగిన తర్వాతే తెలుస్తాయని ఆమె అభిప్రాయం.

జగిత్యాల ఆయన్ను అడిగితే ఆయన కూడా తల్లి పక్షమే. "నొప్పి పోయింది గద తమ్మీ. ఇగ దాన్ని గెలుకుడెందుకు? కన్ను పోతే మడత గదిలనే కూసుంటవ్."

బామ్మర్దికి తండ్రి వంకర మడతలు గుర్తున్నాయి. పన్ను ఉంచుకున్నాడు.

వానలు మొదలయ్యే వేళకు నొప్పి తిరిగొచ్చింది. అదే కణత, అదే చెవి. పళ్ళు మళ్ళీ బిగిశాయి. ఈసారి ఎవరూ క్యారెట్ కొనలేదు. డాక్టరమ్మ మళ్ళీ కడిగింది, ఎందుకు రాలేదని అడిగింది. బామ్మర్ది కుర్చీలోంచి లేచి కూర్చుని, సగం తెరుచుకున్న నోటితోనే అడిగాడు.

"మేడం, పన్ను తీస్తే కండ్లు పోతాయా? నిజం చెప్పండి. నాది సాంచల పని."

ఆమె నవ్వలేదు. రోజూ ఎవరో ఒకరు అడుగుతారట. "నొప్పిని చెప్పే నరం వేరు, చూపు నరం వేరు. చూపు నరం కంటి వెనకనుంచి నేరుగా మెదడులోకి పోతుంది, పళ్ళ దగ్గరికి రాదు. పన్ను తీస్తే చూపు పోదు." ఆ తర్వాత, అడగకపోయినా, ఇంకోటి చెప్పింది. కింది దవడలో ఒక నరం పన్ను వేళ్ళకు దగ్గరగా పోతుంది. అరుదుగా దానికి దెబ్బ తగిలి కింది పెదవి కొన్నాళ్ళు మొద్దుబారవచ్చు, మరీ అరుదుగా అలాగే ఉండిపోవచ్చు. ఎక్స్‌రేలో ఇతనికి నరం దూరంగానే ఉంది. అయినా చెప్పడం తన ధర్మం.

కళ్ళు పోవన్న మాటకు ఊపిరి పీల్చుకున్నవాడు, పెదవి మాటకు మళ్ళీ బిగుసుకున్నాడు. "పెదవి మొద్దుబారితే ఖాతాల మాట్లాడుడెట్ల బావా?" అన్నాడు నాతో. నేను డాక్టరమ్మకు ఖాతా భాష వివరించాను. పోతే స్పర్శ పోతుంది కానీ పెదవి కదలిక పోదని ఆమె అంది. అతను నోరు ఉప్పునీళ్ళతో కడుక్కుని, "తీసెయ్యండి" అన్నాడు. నోరు తెరుచుకున్నాక రమ్మంది.

తీసిన రోజు మొద్దుబారే సూది ఇచ్చింది. చిగురు కోసి, పన్నును ముక్కలు చేసి తీసింది. కుట్లు వేసింది. బయటికొచ్చాక అతను దవడ పట్టుకుని వీధి అవతలి బోర్డులన్నీ వరుసగా చదివాడు. గుజరాతీవి, హిందీవి. ఒక బోర్డు సగం చిరిగి ఉంటే దగ్గరికెళ్ళి, చిరిగింది బోర్డేనని నిర్ధారించుకుని వచ్చాడు.

అయితే అంతకుముందే, లోపల, డాక్టరమ్మ చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి చిక్కు తెచ్చిపెట్టింది. తంబాకు వద్దు, గట్టిగా ఉమ్మొద్దు, దేన్నీ నోటితో పీల్చొద్దు. పీలిస్తే గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి, ఎముక తేలి, ఇప్పటి నొప్పే నయమనిపిస్తుంది.

"నాడె?" అన్నాడు బామ్మర్ది.

నాడె అంటే పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే చెక్క, దారం చుట్టిన కండె దాని లోపల ఉంటుంది. పాత సాంచల్లో నాడె మారుస్తున్నప్పుడు కొత్త కండె దారాన్ని నాడె కంట్లోంచి బయటికి లాగాలి. దానికి కొక్కెం ఉంటుంది కానీ ఎవరూ వాడరు. నాడెకు నోరు ఆనించి ఒక్కసారి పీలుస్తారు, దారం పెదాల మధ్యకు వస్తుంది. రోజంతా అదే పని. ఎవరి నాడె ఎవరు పీల్చారో ఖాతాలో పట్టించుకోరు. ఎంగిలి అన్నది ఇంటి దగ్గరి మాట. డాక్టరమ్మ ఇది విని, కలం పక్కన పెట్టి, "నాడె కూడా వద్దు. కుట్లు తీసేదాకా వద్దు" అంది.

కొన్నాళ్ళు సెలవు పెట్టాడు. అంతకన్నా పెడితే సాంచలు ఇంకొకరికి పోతాయి. పోయి నిలబడ్డాడు. కొక్కెంతో దారం లాగుతూ ఉంటే కండెలు వెనకబడ్డాయి. జగిత్యాల ఆయన కొంతసేపు చూశాడట. తర్వాత వచ్చి, నాడెలన్నీ లాక్కుని, వరుసగా పీల్చి ఇవ్వడం మొదలుపెట్టాడు.

"నా పెండ్లాం నోరు గూడ గిన్నిసార్ల ముట్టలే," అన్నాడు మా ఇంటికొచ్చినప్పుడు. అత్తగారు ముఖం తిప్పుకుంది, నవ్వింది కూడా. "అమ్మా, వాని కండ్లు మంచిగనే ఉన్నయా మరి?"

"నేనెట్ల చెప్త బిడ్డా. నువ్వే సూడు జర."

ఆయన చూశాడు. ఆయన చూసిన రోజున నేను ఏదో వార్త పని మీద ఉధ్నా పోయి, ఖాతా గుమ్మంలో నిలబడి ఉన్నాను. బామ్మర్ది చివరి సాంచ దగ్గర వంగి ఉన్నాడు. జగిత్యాల ఆయన ఇటు తిరిగి, నాకు కన్నుగీటి, మా వాడి మొదటి సాంచ మీద పడుగులో ఒక్క దారాన్ని గోటితో తెంపాడు. ఏమీ ఎరగనట్టు తన చోటికి పోయాడు. నాకు ఆ దారం తెగినట్టు తెలుసు కానీ ఎంత చూసినా కనబడలేదు. తెల్లటి పడుగు, ట్యూబులైటు వెలుతురు.

బామ్మర్ది నడుం ఎత్తాడు. తల తిప్పాడు. నాలుగు అంగల్లో వచ్చి సాంచ ఆపాడు. తెగిన కొసను పట్టుకుని చూశాడు. అది దానంతట తెగింది కాదని కూడా కనిపెట్టినట్టున్నాడు. జగిత్యాల ఆయన వైపు తిరిగి, నోరు పూర్తిగా, నాకు చివరి కుట్టు కూడా కనబడేంతగా తెరిచి, శబ్దం లేకుండా ఒక మాట అన్నాడు. పత్రికలో వేసే మాట కాదు. ఖాతాలో ఉన్నవాళ్ళందరూ దాన్ని చదువుకున్నారు. జగిత్యాల ఆయన ఒక్కడే దాన్ని ఆశీర్వాదంలా తీసుకుని తల వంచాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గుమ్మంలో ఉంది.

"పోయినవంట గద ఖాతాకు. ఏమన్నడు మనోడు?"

"కనబడుతుందన్నాడు," అని చెప్పాను.